పెళ్లికూతురికి పిండి పూసింది నేనే

“మేకప్‌లో పిండి ఎక్కువైందమ్మా. వీడియోలో ఏం తేడా లేదు.”

ఈ మాట అన్నది నేను. ఫోన్లో అన్నాను, నిలబడి అన్నాను, అవతల ఇంకో పార్టీ వచ్చి కూర్చుని ఉంటే తొందరలో అన్నాను. తొందరలో అన్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది పూర్తి నిజం కాదు. ఆ సంగతి కూడా ఇందులో రాస్తాను.

నాది గూడూరులో పెళ్లి వీడియోల ఎడిటింగ్ గది. చిట్టమూరు వైపు ఒక ఊరి చర్చిలో జరిగిన పెళ్లి అది. పెళ్లికూతురు నర్సు. నల్లటి పిల్ల, చక్కటి పిల్ల. తెల్ల చీర, తల మీద తెల్ల ముసుగు, చేతిలో పూలగుత్తి. చర్చి కిటికీల్లోంచి ఉప్పుగాలి వస్తుంటే ఆ ముసుగు ఆగకుండా ఎగురుతూనే ఉంది. నేనే స్వయంగా కెమెరా పట్టాను. మేకప్ చేసినావిడ మా గూడూరులోనే చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతుంది. ముస్లిం. నాకంటే ఒకటి రెండేళ్లు పెద్దదై ఉంటుంది. అయినా నన్ను అన్నా అంటుంది, నేను ఆమెను అక్కా అంటాను. పెళ్లిళ్లలో కలిసి పనిచేసే వాళ్లం ఇలాగే పిలుచుకుంటాం.

హైలైట్స్ వీడియో పంపిన మర్నాడు పెళ్లికూతురి పిన్ని నెల్లూరు నుంచి ఫోన్ చేసింది.

“వందనాలు బ్రదర్. వీడియో చూసినాం. అంతా బాగుండాది గానీ, మా పిల్ల ముఖమేంది అట్టుండాది? తెల్లగా, బూడిదగా, సున్నం కొట్టినట్టు?”

“ఎందులో చూసినారమ్మా?”

“అందరం ఫోన్లలోనే చూసినాం. మా అల్లుడి ఐఫోన్లో అయితే మరీ ఘోరం. ఫోటోల్లో అట్ట లేదే.”

నా ఎదురుగా మానిటర్ మీద అదే వీడియో ఆగి ఉంది. పిల్ల ముఖం నిండుగా, నున్నగా, తన రంగులో తాను మెరుస్తోంది. దాన్ని చూస్తూనే ఆ మాట అనేశాను. పిండి ఎక్కువైందని.

ఆవిడ వెంటనే, “అదే నేనూ అనుకున్నా” అంది.

జనం ఇంత సులభంగా నమ్మే మాట మరొకటి లేదు. మా వైపు పెళ్లిళ్లలో నల్లటి పెళ్లికూతురికి తెల్లటి ముఖం, నల్లటి మెడ ఉండటం అందరూ చూసిందే. పిండి మేకప్ అనే పేరు అప్పటికే ఉంది. నేను ఆ పేరును ఒక మనిషికి తగిలించాను, అంతే. రెండు పెళ్లిళ్లు దాటే లోపల అది ‘పిండక్క’ అయింది.

ఆమె నా గదికి వచ్చిన రోజు బయట ఎండ మండుతోంది. హైవే వైపు నుంచి వచ్చే దుమ్ముకు భయపడి నేను తలుపు ఎప్పుడూ వేసే ఉంచుతాను. తలుపు తట్టకుండానే లోపలికి వచ్చి, దుపట్టాతో ముఖం తుడుచుకుని, నా కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

“పిండక్క వచ్చినాది, నీళ్లియ్యవా అన్నా?”

నేను లేచి నీళ్లు తెచ్చాను. తాగింది. గ్లాసు కింద పెట్టలేదు.

“నువ్వే అన్నావంట గదా.”

“ఎవరు చెప్పినారు?”

“ఎవరు చెప్తే ఏంది? అన్నావా లేదా?”

“వాళ్లు అడిగితే, ఏదో...”

“ఏదో కాదు. కొడవలూరులో ఆ నర్సు పిల్ల చిన్నాన్న కూతురి పెళ్లి మేకప్ నాకే ఇస్తామన్నారు. ఇప్పుడు వాళ్లమ్మ ఫోన్ చేసి, వేరే వాళ్లను చూసుకుంటాములే అంటాది. ఆ పెళ్లి పోతే ఆ చర్చి వాళ్లంతా పోతారు. వాళ్లందరూ ఒకే గ్రూపులో ఉండారు.”

ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. పెళ్లి రోజు పొద్దున మేకప్ అయ్యాక తన ఫోన్‌తో తాను తీసుకున్నది. పిల్ల రంగు పిల్లకే ఉంది. మెడకూ ముఖానికీ తేడా లేదు.

“ఆ బిడ్డ కూర్చోంగానే ఏమన్నదో తెలుసా? నన్ను నాలాగే ఉంచక్కా, తెల్లగా చెయ్యబాకు అన్నది. నేను ఇన్నేళ్లలో ఆ మాట ఎవరి నోటా వినలా. ముచ్చటేసి, దాని రంగు కలిసేదాకా చేతి మీద రుద్దుకుని రుద్దుకుని చూసి పూసినా. వాళ్ల పెద్దమ్మ పక్కన నిలబడి ఇంకొంచెం ఇంకొంచెం అంటానే ఉండాది, నేను పూయలా. ఆ ఒక్క పిల్లకే నేను పిండి పూయలా అన్నా. దానికే నాకు పిండక్క అని పేరు.”

నేను మానిటర్ మీద వీడియో వేశాను. చర్చి గుమ్మంలోంచి పిల్ల నడిచి వస్తోంది. ఆమె ముందుకు వంగి చూసింది.

“ఇది బాగుండాది గదా? ఇదే నేను పూసింది.”

తర్వాత తన ఫోన్లో అదే వీడియో వేసి, మానిటర్ పక్కన ఎత్తి పట్టుకుంది. ఆ ఫోన్ కూడా ఐఫోనే, వాళ్ల అబ్బాయి వాడి వదిలేసింది, మూల పగిలింది. అదే పిల్ల, అదే గుమ్మం. ముఖం మీద పాలపొడి చల్లినట్టుంది. నల్లటి జుట్టు బూడిద రంగు. వెనక చర్చి లోపలి నీడ కూడా పొగలా తేలిపోయింది.

ఆమె ఒకసారి మానిటర్‌ను చూసింది, ఒకసారి ఫోన్‌ను చూసింది. నన్ను చూడలేదు.

“ఇదిగో, చర్చి గోడకు కూడా నేనే పూసినానా పిండి?”

ఆ మాటకు నేను నవ్వి ఉండాల్సింది. నవ్వలేదు. ఎందుకంటే వీడియో పంపే ముందు రోజు మా ఆవిడ ఫోన్లో ఒకసారి వేసి చూసుకున్నాను. అప్పుడే ఈ పాలరంగు కనబడింది. ఫోన్ అంతేలే అనుకున్నాను. నా మానిటర్‌ను నమ్మి ఫోన్‌ను తీసిపారేశాను. పిన్ని ఫోన్ చేసినప్పుడు నాకు అది గుర్తుంది. గుర్తుండే ఆ మాట అన్నాను. తొందర అన్నది పూర్తి నిజం కాదని మొదట్లో రాసింది దీని గురించే.

“చూస్తానక్కా” అన్నాను.

“చూడు. తొందరగా చూడు” అని గ్లాసు నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నాకు కుర్చీలో కూర్చోవడం చేతకాలేదు. మొదట వాట్సాప్ మీద అనుమానపడ్డాను. వీడియోను నలిపి చిన్నది చేసి పంపుతుంది కదా, అందులో పాడైందేమో అని. వైరు పెట్టి అసలు ఫైలునే నేరుగా ఫోన్లోకి ఎక్కించాను. నలుగుడు పోయింది, పిండి పోలేదు. ఎడిట్ చేసింది ఫైలుగా బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ పెంచాను. ఫైలు లావెక్కింది, ముఖం అలాగే ఉంది.

తర్వాత పిచ్చి పని ఒకటి చేశాను. ఎలాగూ ఫోన్లో తెల్లబడుతుంది కదా అని, ఇక్కడే గుడ్డిగా ముదురు చేసి పంపితే సరిపోతుందనుకున్నాను. అలా చేసి ఫోన్ జేబులో వేసుకుని వీధిలో పడ్డాను. రీచార్జ్ షాపాయన ఫోన్లో వేశాను. బజ్జీల బండి ఆవిడ ఫోన్లో వేశాను. నెల్లూరు బస్సు కోసం నిలబడ్డ ఒక కాలేజీ పిల్లాడిని అడిగి అతని ఫోన్లో కూడా చూశాను. ఐఫోన్లలో ఫర్వాలేదు. మిగతా కొన్నింట్లో పిల్ల ముఖంలో కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనబడలేదు.

“ఎవరీ పిల్ల, అన్నా? చీకట్లో తీసినావా?” అంది బజ్జీల ఆవిడ.

“పగలే తీసినా.”

“అట్టయితే కెమెరా మార్చు.”

గదికి తిరిగొచ్చి తలుపేసుకున్నాను. మళ్లీ లేచి తీశాను. ఏం చేయాలో తోచక, ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును మళ్లీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకే తెచ్చి, అసలుదాని పక్కన పెట్టాను. రెండూ అచ్చు ఒకటే. వెలుతురు కొలిచే గ్రాఫులు చూశాను. గీతకు గీత సరిపోయింది. అంటే ఫైలు దారిలో పాడవలేదు. నేను ఏం పెట్టానో అదే ఫైల్లో ఉంది.

మరి తేడా ఎక్కడ?

అదే ఫైలును సాఫ్ట్‌వేర్‌లో కాకుండా, కంప్యూటర్‌తో పాటు వచ్చే మామూలు ప్లేయర్‌లో తెరిచాను. తెర మీద ఆ కిటికీని, అదే విండోను, లాగి ఎడిటర్ కిటికీ పక్కన పెట్టాను. అప్పుడు కనబడింది. ఫోన్ లేదు, వాట్సాప్ లేదు. ఒకే మానిటర్, ఒకే ఫైలు. ఎడమ వైపు నిండు ముఖం, కుడి వైపు పిండి ముఖం.

కూర్చున్న వాడిని లేచి, మళ్లీ కూర్చున్నాను.

ఈ పని తెలియని వాళ్లకు ఒక్క మాటలో చెప్తాను. వీడియోలో ప్రతి చుక్కకూ ఉండేది ఒక అంకె. ఆ అంకెను తెర మీద ఎంత వెలుగుగా మార్చాలన్న లెక్కను గామా అంటారు. గామా అంకె పెద్దదైతే మధ్యస్థంగా ఉండే వెలుగులు ముదురుతాయి, చిన్నదైతే తేలిపోతాయి. పూర్తి నలుపూ పూర్తి తెలుపూ అలాగే ఉంటాయి. మనిషి ముఖం ఉండేది ఆ మధ్యలోనే. అందుకే లెక్క మారితే దెబ్బ మొట్టమొదట ముఖానికే తగులుతుంది, అందులోనూ నల్లటి ముఖానికి మరీ.

నా ఎడిటర్‌లో ‘వ్యూయర్ గామా’ అని ఒక సెట్టింగ్ ఉంది. నాకు చూపించే తెరను ఏ లెక్కలో చూపించాలని అడుగుతుంది. ఎక్స్‌పోర్ట్ అయ్యే ఫైలు జోలికి అది పోదు, నా కంటికి మాత్రమే. అందులో మూడు ఉన్నాయి. 2.4, బ్రాడ్‌కాస్ట్. 2.2, వెబ్. 1.96, కంప్యూటర్ ప్లేయర్‌ది. నేను 2.4 పెట్టుకుని ఉన్నాను.

ఎందుకు పెట్టానో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. వయసులో ఉన్నప్పుడు నెల్లూరులో ఒక లోకల్ కేబుల్ చానల్లో వార్తలు ఎడిట్ చేశాను. చానల్ మూతపడి చాలా కాలమైంది. ఈ మ్యాక్ కంప్యూటర్ కొన్న రోజు సెట్టింగుల్లో ‘బ్రాడ్‌కాస్ట్’ అనే మాట కనబడగానే, నా పాత ఉద్యోగం మళ్లీ ఇచ్చినట్టు సంతోషపడి దాన్నే నొక్కాను. అది చీకటి గదిలో పెట్టిన టీవీ తెర కోసం పెట్టిన లెక్క. చిట్టమూరు పెళ్లి వీడియోను బ్రాడ్‌కాస్ట్ చేసేది ఎవరు? వాళ్లు చూసేది ఆటోలో, వరండాలో, రొయ్యల గుంట గట్టు మీద, చేతిలో ఫోన్ పట్టుకుని.

2.4 లెక్కలో పిల్ల ముఖం నాకు ముదురుగా కనబడింది. ముదురుగా ఉందని నేను వెలుగు పెంచాను. నాకు సరిపోయేదాకా పెంచాను. అదే ఫైలును ఐఫోన్, మ్యాక్ ప్లేయర్ తమ తేలిక లెక్కలో చూపించాయి. నేను పెంచిన వెలుగు మీద ఇంకాస్త వెలుగు. ఫోన్ చెడ్డది కాదు, నాకంటూ పెట్టుకున్న తెరే జనం తెరకు దూరంగా ఉంది.

మౌస్‌తో ఆ సెట్టింగును 1.96కు మార్చాను. ఎడిటర్ కిటికీలో పిల్ల ముఖం నా కళ్ల ముందే తెల్లబడి, పక్క కిటికీలోని ముఖంతో కలిసిపోయింది. ఎవరో డబ్బా మూత తీసి చల్లినట్టు. చల్లింది ఎవరో అప్పటికి నాకు తెలుసు.

అయితే 1.96లోనే ఉంచి సరిచేస్తే ఐఫోన్లకు బాగుంటుంది గానీ, మిగతా ఫోన్లు ఎక్కువగా 2.2 లెక్కకు దగ్గరగా చూపిస్తాయి, వాటిలో కొంచెం ముదురుతుంది. అందరికీ అచ్చంగా ఒకేలా కనబడే లెక్క ఏదీ లేదని తెలుసుకోవడానికి నాకు మరి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లో బజ్జీల ఆవిడ నన్ను చూడగానే ఫోన్ దాచేది. చివరికి మధ్యలో ఉన్న 2.2 దగ్గర ఆగాను. వ్యూయర్‌ను అందులో పెట్టి, మధ్య వెలుగులను కిందికి దించి, నీడలకు బరువిచ్చి, పిల్ల ముఖాన్ని ఆ అక్క తీసిన ఫోటో పక్కన పెట్టుకుని కలిపాను. ఐఫోన్లో ఒక పిసరు తేలిక, మిగతా ఫోన్లలో సరిగ్గా. రెండు చోట్లా పిల్ల పిల్లలాగే ఉంది.

ఇంతవరకూ చేసింది పని. ఇక నేను చేసిన రెండో తప్పు.

కొత్త వీడియోను పిన్నికి పంపిస్తూ ఇలా రాశాను: ‘కలర్ అప్‌డేట్ చేసిన కొత్త వెర్షన్. పాతది తీసేసి ఇది ఉంచుకోండి.’ అంతే. తప్పు నాదని రాయడానికి వేలు పెట్టి, తీసేశాను. రెండు సార్లు రాసి రెండు సార్లూ తీసేశాను. వాళ్లే చూసి అర్థం చేసుకుంటారు, ముఖం బాగుపడితే మాట అదే పోతుందిలే అనుకున్నాను.

వాళ్లు చూశారు, వాళ్లకు నచ్చినట్టు అర్థం చేసుకున్నారు. సాయంత్రానికి పిన్ని వాయిస్ మెసేజ్ పంపింది. “చాలా థ్యాంక్స్ బ్రదర్. ఆమె పూసిన పిండంతా ఎడిటింగ్‌లో తీసేసినారు. ఎంత కష్టపడినారో. దేవుడు మిమ్మల్ని దీవించు గాక.” గ్రూపులో కూడా పెట్టిందట. చేతులు జోడించిన బొమ్మలు, పూలగుత్తులు, నా పేరు.

మర్నాడు పార్లర్ అక్క ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

“అన్నా, నా పిండి తుడిచినావంట గదా. చేతులు నొప్పి పుట్టినాయా?”

“అక్కా, నేనట్ట రాయలా. వాళ్లే...”

“నువ్వేమీ రాయలా. అదే గదా నేననేది.”

నేను గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తున్నాను. ఆమెకు అది వినబడిందేమో.

“కూర్చో అన్నా. కూర్చుని విను. కొడవలూరు పిల్ల మొండిది, నర్సు పిల్ల నాతో చేయించుకోమని దానికి చెప్పినాదంట. వాళ్లమ్మ మొదట ఒప్పుకోలా, చివరికి, సరే ముందొకసారి ట్రయల్ వెయ్యనీ, చూసి చెప్తా అన్నదంట. ఎల్లుండి పోతా ఉండా. నువ్వు రా.”

“నేనెందుకక్కా?”

“నీ నోటితో అన్న మాట గదా. నీ నోటితోనే తియ్యి.”

కొడవలూరు వెళ్లే దారి పొడవునా వరి కోతలు. బస్సు కిటికీ పక్కన కూర్చుని, ఏమనాలో మనసులో చెప్పుకుంటూనే ఉన్నాను. ‘గామా’ అనే మాటతో మొదలుపెడితే ఎవరూ వినరు. క్షమించండి అని మొదలుపెడితే ఎందుకు అని అడుగుతారు. స్టాపు దాటిపోయి, వెనక్కి నడిచాను.

ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీ వేసి పిల్లను కూర్చోబెట్టారు. వాళ్లమ్మ, నెల్లూరు పిన్ని, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మంచం మీద కూర్చున్నారు. నన్ను చూసి పిన్ని లేచి నిలబడింది.

“రండి బ్రదర్. మీరొచ్చినారు, ఇంక భయం లేదు. ఈమె ఏం చేసినా మీరు సరిచేస్తారు.”

అక్క బ్రష్ కడుగుతోంది. తల ఎత్తలేదు.

ట్రయల్ అయ్యేదాకా నేను వరండాలో కూర్చోలేక నిలబడ్డాను, నిలబడలేక తిరిగాను. లోపల్నుంచి మాటలు వినబడుతున్నాయి.

“ఇంకొంచెం తెల్లగా పెట్టమ్మా. మగపెళ్లివాళ్లు తెల్లగా ఉంటారు.”

“పెట్టమంటే పెడతా. రేపు మెడ నల్లగా, ముఖం తెల్లగా ఉంటే మళ్లీ నన్నే అంటారు. అప్పుడు నాకు ఇంకో పేరు పెట్టాల్సి వస్తాది.”

“నాకు వద్దమ్మా, ఇట్నే బాగుండాది” అంది పిల్ల.

అయ్యాక నన్ను పిలిచారు. కిటికీ వెలుతురులో పిల్లను కెమెరాతో కాసేపు తీశాను. నవ్వమన్నాను, పక్కకు తిరగమన్నాను. ల్యాప్‌టాప్ తెరిచి, ఆ ముక్కనే రెండు రకాలుగా సరిచేశాను. ఒకటి నా పాత పద్ధతిలో, 2.4 చూస్తూ. ఇంకొకటి 2.2 చూస్తూ. రెండూ వాళ్ల ఫోన్లలోకి పంపాను. ఫోన్లన్నిటినీ మంచం మీద వరసగా పెట్టించి, వెలుతురు ఒకేలా పెంచి, కళ్లకు హాయి కోసం పెట్టుకునే పసుపు రంగు మోడ్ ఉంటే తీసేయించాను. పిల్లను వచ్చి ఫోన్ల పక్కన కూర్చోమన్నాను.

“ముందు ఇది చూడండమ్మా” అని పాత పద్ధతిది వేయమన్నాను.

అందరూ వంగారు. పిల్ల వాళ్లమ్మ తన ఐఫోన్‌ను చేతిలోకి తీసుకుంది. ఫోన్లో కూతురిని చూసింది, మంచం మీద కూతురిని చూసింది.

“ఇదిగో, చూసినావా? మళ్లీ పిండే” అంది పిన్ని.

“ఇప్పుడు రెండోది వేయండి.”

రెండోది వేశారు. వాళ్లమ్మ ఫోన్‌ను కూతురి చెంప పక్కన పెట్టి చూసింది. పిల్ల నవ్వు ఆపుకుంటోంది.

“ఇది బాగుండాది. ఇందులో పిండి తీసేసినారా?” అంది పిన్ని.

“లేదమ్మా. మేకప్ ఇప్పుడే మీ ఎదురుగానే వేసింది. ఒక్కసారే తీసినా. మనిషి ఒకటే, మేకప్ ఒకటే. మొదటిది నేను తప్పు సెట్టింగులో చూసి సరిచేసింది. మీ చిట్టమూరు పెళ్లి వీడియో కూడా అట్నే చేసినా. నా తెర మీద బాగుండాది, మీ ఫోన్లకు వచ్చేసరికి తెల్లబడింది.”

వాళ్లమ్మకు మిగతా అందరికంటే ముందు అర్థమైంది.

“అంటే ఆ రోజు పిండి పూసింది నువ్వా?”

“నేనే.”

“మరి ఆమె అని ఎందుకు చెప్పినావు?”

బస్సులో చెప్పుకున్నవేవీ నోటికి రాలేదు. “పంపే ముందే ఒక ఫోన్లో తేడా చూసినానమ్మా. నా తప్పేమోనని భయపడి, ఆమె మీద పెట్టినా” అన్నాను.

పిన్ని నన్ను చూడకుండా ఫోన్‌ను చీర చెంగుతో తుడుస్తోంది. అంతలో మంచం చివర కూర్చున్న ముసలావిడ తన ఫోన్ ఎత్తి చూపించింది.

“నా దాంట్లో ఈ పిల్ల టమాటా మాదిరి ఉండాదే? ఇది ఎవరు పూసినారు?”

అందరూ ఒక్కసారి నవ్వారు. అక్క కూడా నవ్వింది. నేను ఆ ఫోన్ అందుకుని చూశాను. రంగులు బాగా ఎక్కించి చూపించే ‘వివిడ్’ మోడ్‌లో ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి ‘నేచురల్’కు మార్చి ఇచ్చాను. టమాటా పోయింది.

“ఇది మాత్రం నీదీ కాదు, ఆమెదీ కాదు, నా మనవడిది” అంది ముసలావిడ. “వాడే పెట్టిపోయినాడు.”

వాళ్లమ్మ అక్క వైపు తిరిగి, “పెళ్లి పొద్దున తొందరగా వచ్చేయమ్మా, చర్చికి ఆలస్యం కాకూడదు” అంది. అంతకు మించి ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. పిన్ని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. అందులో నేను అన్నది ఉన్నదున్నట్టు చెప్పింది, ‘భయపడి’ అన్న మాటతో సహా. ఆ చర్చి వాళ్లలో కొందరు తర్వాత నన్ను పెళ్లిళ్లకు పిలవలేదు. పిలవకపోవడం న్యాయమే.

మాట మాత్రం పోలేదు. ఆ గ్రూపు దాటి ఎక్కడెక్కడికో పోయింది, వెనక్కి పిలవడానికి నా దగ్గర దాని నంబరు లేదు. ఒక పెళ్లి హాల్లో ఎవరో ‘పిండక్క వచ్చినాది’ అంటే, నేను వెళ్లి, అది కాదు అసలు జరిగింది ఇది అని చెప్పడం మొదలుపెట్టాను. గామా నుంచి మొదలుపెట్టి కొడవలూరు దాకా చెప్పాను. తర్వాత ఇంకో చోట, ఇంకో చోట. కనబడిన వాళ్లందరికీ చెప్పేవాడిని. చెప్పకపోతే ఊపిరాడేది కాదు.

ఒక రోజు అక్క నన్ను పక్కకు పిలిచింది.

“అన్నా, ఇంక చెప్పబాకు.”

“నిజమే గదక్కా చెప్పేది.”

“నిజమే. కానీ ఆ పేరు తెలియని వాళ్లకు కూడా నువ్వే చెప్తా ఉండావు. నువ్వు చెప్పిన కథ మర్చిపోతారు. పిండక్క గుర్తుంటాది.”

ఆ తర్వాత చెప్పడం మానేశాను. ఇప్పుడు రాయవచ్చా అని ఆమెనే అడిగాను. పేర్లు లేకుండా రాయమంది. అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. నా పేరు రాసినా ఆమె ఎవరో తెలిసిపోతుంది కాబట్టి అది కూడా లేదు.

ఇప్పుడు ఆమె మేకప్ చేసిన పెళ్లి ఏదైనా నా చేతికి వస్తే, వీడియో ఎవరికీ పంపకముందు ఒక ముక్క ఆమెకు పంపుతాను. ఆ పగిలిన ఫోన్లోనే చూస్తుంది. చూసి రెండు మాటలే రాస్తుంది: ‘పిండి లేదు.’ ఒకసారి మాత్రం ‘కొంచెం ఉండాది’ అని రాసింది. మళ్లీ మొదటి నుంచీ చూసుకున్నాను, ఉంది.

ఈ పొద్దున వాకాడు పెళ్లి ముక్క ఒకటి పంపాను. టిక్కులు రెండూ నీలమయ్యాయి. ఆమె చూసింది. ఇంకా ఏమీ రాయలేదు. ఇది రాస్తూ రాస్తూ ఇప్పటికి చాలాసార్లు లేచి ఫోన్ చూసి వచ్చాను.